షాపు లీజులో మూడు ముళ్లు

దాదాపు రెండేళ్ల కిందట ఒక సాయంత్రం పూట నూజివీడు నుంచి ఒక కుర్రాడు మా ఆఫీసుకి వచ్చాడు. విజయవాడ ఏలూరు రోడ్డులో బేకరీ పెడదామని షాపు చూసుకున్నాడు. చేతిలో 14 పేజీల లీజు డ్రాఫ్టు, మొత్తం ఇంగ్లీషులోనే. ఓనరు తరఫు వాళ్లు టైపు చేయించి ఇచ్చి, ఎల్లుండి రోజు బాగుంది, సంతకాలు పెట్టేద్దాం అన్నారట. "సార్, అద్దె 60 వేలు, లీజు తొమ్మిదేళ్లు, ఇంతవరకూ అర్థమైంది. ఈ లాకిన్ అంటే ఏంటండీ? మధ్యలో షాపుకి తాళం వేస్తారా?" అని అడిగాడు.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అతను మరీ తప్పేమీ అనలేదు. తాళం షాపుకి పడదు, అద్దెకు తీసుకున్న మనిషికి పడుతుంది.

ఆ డ్రాఫ్టులో మూడు షరతులు మూడు చోట్ల ఉన్నాయి. నాలుగో పేజీలో అద్దె పెంపు. ఐదో పేజీలో సెక్యూరిటీ డిపాజిట్, అంటే మనం వాడుకలో అడ్వాన్స్ అనేది. పదకొండో పేజీలో లాకిన్. విడివిడిగా చదివితే మూడూ మామూలుగానే కనిపిస్తాయి. కలిపి లెక్క వేస్తే గానీ అసలు సంగతి బయటపడదు. అందుకని అతను అడిగిన లాకిన్‌ని చివరికి ఉంచి, ముందు పెన్సిలు తీసి అద్దె పెంపుతో మొదలుపెట్టాను. మీకు దగ్గర్లో కాగితం ఉంటే మీరూ తీసుకోండి. లెక్కలు పెద్దవేం కావు.

డ్రాఫ్టు ప్రకారం అద్దె ఏటా 5 శాతం పెరుగుతుంది, అదీ అంతకు ముందు ఏడాది కట్టిన అద్దె మీద. బజార్లో వినిపించే ఇంకో పద్ధతి మూడేళ్లకోసారి 15 శాతం. "రెండూ ఒకటేగా సార్, ఐదు మూళ్లు పదిహేను" అన్నాడు కుర్రాడు. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

ఏటా పెంచితే మొదటి ఏడాది నెలకి 60,000, రెండో ఏడాది 63,000, మూడో ఏడాది 66,150. మూడేళ్లకోసారి పెంచే పద్ధతిలో ఈ మూడేళ్లూ అద్దె 60,000 దగ్గరే కదలకుండా ఉంటుంది. నాలుగో ఏడాది మొదలయ్యేసరికి మొదటి పద్ధతిలో 69,457, రెండో పద్ధతిలో 69,000. అక్కడ నిలబడి చూస్తే తేడా ఏముందిలే అనిపిస్తుంది. కానీ అక్కడిదాకా వచ్చేలోపే మొదటి పద్ధతిలో 1,09,800 రూపాయలు ఎక్కువ కట్టేసి ఉంటాం. తొమ్మిదేళ్లకీ కూడితే ఆ తేడా 4,38,000 దాటుతుంది. పైగా ఆ ఎక్కువ కట్టాల్సింది ఎప్పుడు? గిరాకీ ఇంకా అలవాటు పడని తొలి ఏళ్లలో కూడా.

శాతం ఎంతో అందరూ చూస్తారు. ఆ శాతం దేని మీదో చూసేవాళ్లు తక్కువ. "అప్పటికి చెల్లిస్తున్న అద్దె మీద" అని రాస్తే చక్రవడ్డీలాగా పెరుగుతుంది. తొమ్మిదో ఏడాదికి అద్దె 88,647 అవుతుంది. "మొదట ఒప్పుకున్న అద్దె మీద" అని రాస్తే ఏటా ఒకే మూడు వేలు పెరిగి 84,000 దగ్గర ఆగుతుంది. రెండు మూడు మాటల తేడాకి నెలకి నాలుగున్నర వేల పైచిలుకు. ఇంకో మాట కూడా వెతకండి: "5 శాతం లేదా మార్కెట్ రేటు, ఏది ఎక్కువైతే అది". ఈ వాక్యం ఉన్న లీజు మీద సంతకం పెట్టొద్దనే నేను చెబుతాను. మార్కెట్ రేటు ఎంతో ఎవరు తేలుస్తారో అందులో ఉండదు, అందుకని ఓనరు చెప్పిందే రేటవుతుంది. ఇక షాపు అద్దెకి 18 శాతం జీఎస్టీ పడొచ్చు కాబట్టి, ఒప్పుకున్న 60,000 జీఎస్టీతో కలిపా, కాకుండానా అనేది అడ్వాన్స్ ఇవ్వకముందే అడిగేయండి. కాకుండా అయితే చేతి నుంచి వెళ్లేది 70,800.

ఇక అడ్వాన్స్. డ్రాఫ్టులో ఆరు నెలల అద్దె, అంటే 3,60,000 అడిగారు. వడ్డీ లేదు. మన వైపు మూడు నుంచి ఆరు నెలలు అడుగుతుంటారు. బెంగళూరు వెళ్లి షాపు పెట్టుకునే మనవాళ్లకి పది నెలలన్నా ఆశ్చర్యం ఉండదు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం వ్యాపార స్థలాలకి ఆరు నెలలు దాటకూడదంది గానీ, అది నమూనా మాత్రమే. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది.

"వడ్డీ లేకపోతే పోయిందిలెండి, అసలు తిరిగొస్తుందిగా" అన్నాడు. ఆ అసలు ఎక్కడి నుంచి తెస్తున్నావయ్యా అని అడిగాను. మేనమామ దగ్గర, నూటికి రూపాయి వడ్డీకి. అయితే 3,60,000కి నెలకి 3,600 వడ్డీ. అంటే నీ షాపు అద్దె 63,600, అందులో 60,000 ఓనరుకి, 3,600 మేనమామకి అన్నాను. అదే రెండు రూపాయల వడ్డీ అయితే 67,200. ఓనరు అద్దె రెండు వేలు తగ్గించి అడ్వాన్స్ నాలుగు నెలలు ఎక్కువ అడిగితే ఎవరు లాభపడ్డారో ఇలా లెక్క కడితే గానీ తెలియదు.

ఐదో పేజీ అడుగున ఇంకో వాక్యం ఉంది. అద్దె పెరిగినప్పుడల్లా డిపాజిట్ కూడా ఆరు నెలల కొత్త అద్దెకి సమానంగా ఉండేలా కిరాయిదారు పూడ్చాలట. అంటే రెండో ఏడాది మొదట్లో ఇంకో 18,000 తీసుకెళ్లి ఇవ్వాలి. ఏటా ఇదే తంతు. నాలుగో పేజీ ఐదో పేజీని ఎలా లాగుతుందో చూశారా?

డిపాజిట్‌లో అసలు చిక్కు ఇచ్చేటప్పుడు రాదు, తీసుకునేటప్పుడు వస్తుంది. నాకు తెలిసిన ఒక రెడీమేడ్ బట్టల షాపాయన ఖాళీ చేసే ముందు చివరి నాలుగు నెలలు అద్దె కట్టడం మానేశాడు. ఓనరు దగ్గర నా డబ్బుంది కదా, అందులో చెల్లు వేసుకుంటాడులే అనుకున్నాడు. కానీ ఆయన లీజులో డిపాజిట్‌ని నెలవారీ అద్దె కింద సర్దుకోకూడదని స్పష్టంగా రాసి ఉంది. దాంతో ఆయన బాకీదారు అయ్యాడు. బాకీ మీద లీజులో రాసిన వడ్డీ పడింది. బోర్డు ఊడదీసిన చోట గోడ పెచ్చులు, ఏసీ పైపుల కోసం కొట్టిన కన్నాలు, రంగులు, కరెంటు బకాయి, అన్నీ డిపాజిట్‌లోంచే తీశారు. ఆఖరికి చేతికి వచ్చింది తాళాలు ఇచ్చినట్టు రసీదు మాత్రమే.

అందుకని కుర్రాడి డ్రాఫ్టులో ఆ చోట మూడు వాక్యాలు మార్చమన్నాను. "ఖాళీ చేసిన 60 రోజుల్లోగా" అని ఉన్నదాన్ని "తాళాలు అప్పగించే రోజునే, అప్పగింతతో పాటే" అని మార్చాలి. ఆ రోజు ఇవ్వకపోతే, ఇచ్చేదాకా అద్దె లేకుండా షాపు మన స్వాధీనంలోనే ఉంటుందని రాయాలి. వాడకం వల్ల వచ్చే మామూలు అరుగుదలకి కోత లేదని చెప్పించాలి. ఇంకోటి, మధ్యలో ఓనరు బిల్డింగ్ అమ్మేస్తే డిపాజిట్ బాధ్యత కొన్నవాళ్ల మీద కూడా ఉంటుందని రాయించాలి. లేకపోతే పాత ఓనరు "కొన్నాయన్ని అడుగు" అంటాడు, కొన్నాయన "నాకెవరూ ఇవ్వలేదే" అంటాడు. షాపు తీసుకున్న రోజే గోడలు, నేల, షట్టరు, మీటరు రీడింగు ఫోన్లో ఫొటోలు తీసి ఓనరుకి పంపమన్నాను. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వమన్నాను.

ఇప్పుడు పదకొండో పేజీ. లాకిన్ అంటే ఇన్ని నెలల దాకా లీజు మధ్యలో వదిలి వెళ్లకూడదనే కట్టు. ఇతని డ్రాఫ్టులో 36 నెలలు. ముందే వెళితే మిగిలిన లాకిన్ నెలల అద్దె మొత్తం ఒకేసారి కట్టాలి, డిపాజిట్ అందులో సర్దుకుంటారు.

"నువ్వు 14 నెలలు నడిపి, గిట్టక మూసేశావనుకో" అన్నాను. మొహం చిన్నబోయింది. షాపు తెరవకముందే మూసే మాట ఎవరికి బాగుంటుంది? కానీ లాకిన్ పుట్టిందే ఆ రోజు కోసం. రెండో ఏడాదిలో ఇంకా 10 నెలలు, 63,000 చొప్పున 6,30,000. మూడో ఏడాది 12 నెలలు, 66,150 చొప్పున 7,93,800. మొత్తం 14,23,800. అప్పటికి పూడ్చిన దానితో కలిపి డిపాజిట్ 3,78,000. అది పోగా ఇంకా 10,45,800 కట్టాలి. షాపు లేదు, బేకరీ లేదు, పది లక్షల అప్పు ఉంది. ఏటా 5 శాతం పెంపు ఇక్కడ కూడా వచ్చి కూర్చుందని గమనించండి. మూడేళ్లకోసారి పెంపు అయితే ఆ 22 నెలలకీ 60,000 చొప్పున 13,20,000 అయ్యేది.

మరి కోర్టు ఆ మొత్తం ఇప్పిస్తుందా? ఇక్కడ కొంచెం నెమ్మదిగా వినండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షను ప్రకారం, ఒప్పందం మీరితే ఇంత కట్టాలని కాగితంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ లోపల సమంజసమైన పరిహారం ఎంతో అంతే ఇప్పించాలి. సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులో, మళ్లీ 2015లో కైలాష్‌నాథ్ కేసులో ఈ సంగతి చెప్పింది. ఓనరు మూడు నెలల్లో ఇంకొకరికి అదే అద్దెకి ఇచ్చేసుకుంటే, ఆయన నష్టం ఆ మూడు నెలల అద్దె, మహా అయితే బ్రోకరు కమీషను. 22 నెలల అద్దె ఇద్దరి దగ్గరా వసూలు చేసుకోవడం కుదరదని వాదించొచ్చు. అయితే లాకిన్ అద్దెని ఇద్దరూ ముందే ఆలోచించి కట్టుకున్న న్యాయమైన అంచనాగా ఒప్పుకున్న తీర్పులూ ఉన్నాయి. కాబట్టి కోర్టుకెళితే గెలుస్తామన్న ధీమాతో లాకిన్‌కి ఒప్పుకోకండి. కేసు నడిచినన్నాళ్లూ డిపాజిట్ ఉండేది ఓనరు దగ్గర, తిరగాల్సింది మీరు.

2020 లాక్‌డౌన్‌లో చాలామంది షాపుల వాళ్లు ఇంకో మాట అడిగారు. ప్రభుత్వమే మూయించింది కదా, అద్దె ఎందుకు కట్టాలని. జరగడం అసాధ్యమైతే ఒప్పందం రద్దవుతుందనే అదే కాంట్రాక్టు చట్టం 56వ సెక్షను అమల్లోకి వచ్చిన లీజుకి వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. అలాంటి రోజుల్లో అద్దె ఆగాలన్నా, లాకిన్ సడలాలన్నా ఆ మాట లీజులోనే ఉండాలి. ఇతని డ్రాఫ్టులో లేదు. రోడ్డు విస్తరణలో షాపు ముందు భాగం పోతే ఏమిటన్నదీ లేదు. రెండూ రాయించాం.

ఇంతకీ ఆ పేజీలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది 36 నెలలు కాదు, దాని కింది వాక్యం. లాకిన్ గడిచాక "ఇరుపక్షాలలో ఎవరైనా" మూడు నెలల నోటీసుతో లీజు రద్దు చేసుకోవచ్చు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! కానీ అర్థమేమిటి? మూడేళ్లు కదలకుండా అద్దె కట్టి, 12 లక్షలు పెట్టి ఓవెన్లు, గాజు కౌంటర్లు, టైల్స్ వేయించి, వీధి వీధంతా బేకరీ అంటే ఇదే అనుకునే సమయానికి ఓనరు మూడు నెలల్లో లేపేయొచ్చు. అప్పుడు తొమ్మిదేళ్ల లీజు అన్నది అట్ట మీద మాటే. వ్యాపారం చేసేవాడికి కావాల్సింది దీనికి ఎదురు. లాకిన్ తర్వాత వెళ్లిపోయే హక్కు కిరాయిదారుకి ఉండాలి. ఓనరుకి మాత్రం అద్దె బకాయిలాంటి కారణం ఉంటే తప్ప తొమ్మిదేళ్లూ కదిలించే హక్కు ఉండకూడదు. పేరున్న పెద్ద కంపెనీల షోరూముల లీజులు చాలావరకు ఇలాగే ఉంటాయి, వాళ్లకి వకీళ్లుంటారు కాబట్టి.

ఇంకో సన్న మెలిక ఉంది. "లాకిన్ ముగిసిన తర్వాత మూడు నెలల నోటీసు" అని రాస్తే నోటీసు 37వ నెలలో గానీ ఇవ్వలేం. అంటే లాకిన్ పేరుకి 36, లెక్కకి 39 నెలలు. లాకిన్‌లో ఉండగానే నోటీసు ఇవ్వొచ్చు, అది లాకిన్ ముగిసే రోజుతో తీరొచ్చు అని ఒక్క వాక్యం రాయించుకుంటే మూడు నెలల అద్దె మిగులుతుంది.

ఇవన్నీ ఓనరు గారికి ఫోన్ చేసి చెబితే ఆయన చల్లగా, "ఇంత గొడవెందుకు బాబూ, రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ. 11 నెలల అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుందాం, లాకిన్ అందులోనే పెట్టుకుందాం, ఏటా తిరగరాసుకుందాం" అన్నారట. కుర్రాడికి నచ్చింది. నేను ఆపాను. పేరుకి 11 నెలలైనా, ఏళ్ల తరబడి లాకిన్ పెడితే అది ఏడాది దాటే లీజే. ఏడాది దాటే లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను చెబుతుంది. రిజిస్టరు కాకపోతే ఆ కాగితంలోని లాకిన్, తొమ్మిదేళ్లు, పెంపు, వీటిని నిరూపించుకోవడానికి అది సాక్ష్యంగా పనికిరాదు. చట్టం దృష్టిలో అది నెలనెలా సాగే అద్దె అవుతుంది. దాన్ని 15 రోజుల నోటీసుతో ముగించొచ్చు. కిరాయిదారు వెళ్లిపోవడానికి సులువే, కానీ అదే 15 రోజులు ఓనరుకీ వర్తిస్తాయి. 12 లక్షల సామాను పెట్టినవాడు 15 రోజుల కాగితం మీద కూర్చోలేడు.

తర్వాత పది రోజులు బేరాలు నడిచాయి. ఆ మంచిరోజు దాటిపోయింది. ఇంకోటి చూసుకున్నారు. ఓనరు గారు అన్నీ ఒప్పుకోలేదు. షాపు తయారుచేసుకోవడానికి అద్దె లేని రోజులు 45 అడిగితే 30 ఇచ్చారు. డిపాజిట్ తిరిగివ్వడం ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలని మేం అడిగిన మాటని కొట్టేశారు, అద్దె లేకుండా కూర్చునే హక్కు మాత్రం మిగిలింది. పెంపు మూడేళ్లకోసారి 15 శాతానికి దిగింది. డిపాజిట్ నాలుగు నెలలు, 2,40,000, పూడ్చే పని లేదు. లాకిన్ 24 నెలలు, అద్దె మొదలైన తేదీ నుంచి లెక్క. ముందే వెళితే డిపాజిట్ మాత్రమే పోతుంది, ఆపైన ఓనరు ఏమీ అడగరు. మళ్లీ ఆ 14వ నెల లెక్కే వేస్తే, పది లక్షల నలభై అయిదు వేలు పైన కట్టాల్సిన చోట ఇప్పుడు ఓనరు దగ్గరున్న 2,40,000తో తెగిపోతుంది. ఈ ఒక్క మాట కోసం అద్దె వెయ్యి రూపాయలు పెంచమన్నారు. 61,000కి ఒప్పుకోమనే నేనన్నాను. నెలకి వెయ్యి చొప్పున రెండేళ్లకి 24,000, అది బీమా ప్రీమియం అనుకోమన్నాను. డిపాజిట్ మాత్రం పాత 60,000 లెక్కనే ఉంచారు.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్రలు వేశాక, కుర్రాడు లీజు నకలు తీసుకుని లాకిన్ ఉన్న పేజీ మడత పెట్టి గుర్తు పెట్టుకున్నాడు.

మొన్న అటు వెళుతూ ఆగాను. దిల్‌పసంద్ వేడిగా ఉంది. బిల్లు తీసుకోనన్నాడు, బలవంతాన ఇచ్చాను. వచ్చే నెల 14తో లాకిన్ ముగుస్తుంది. ఖాళీ చేస్తావా అంటే, "ఎందుకు సార్, బాగానే పోతోందిగా" అన్నాడు. ఓవెన్ పక్కన గోడకి తగిలించిన క్యాలెండరులో మాత్రం ఆ 14 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.